‘హీ వాజ్ గివెన్ ఎ బుక్’ కరెక్టేనా? రెండు ఆబ్జెక్టులున్న పాసివ్‌ని చెక్ చేయడం ఎలా

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క రకం వాక్యం గురించి మాట్లాడుకుందాం. ముందు స్క్రీన్ మీద ఈ రెండు లైన్లు చూడండి.

```
I promised a refund.
I was promised a refund.
```

రెండింటికీ మధ్య తేడా ఒక్క ‘వాజ్’. కానీ మొదటి దాంట్లో డబ్బు తిరిగి ఇస్తానని మాట ఇచ్చింది నేను. రెండో దాంట్లో నాకు ఇస్తామని మాట ఇచ్చింది వాళ్లు. అంటే ఆ ఒక్క మాట మర్చిపోతే డబ్బు రావాల్సిన మనిషి కాస్తా డబ్బు కట్టాల్సిన మనిషి అయిపోతాడు. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టినా, హెచ్ఆర్‌కి రాసినా, ఓనర్‌కి వాట్సాప్‌లో అడ్వాన్స్ గురించి అడిగినా ఇదే సమస్య. ఎదుటివాళ్లు మన మనసులో ఏముందో చదవరు కదా, స్క్రీన్ మీద ఏముందో అదే చదువుతారు.

ఇప్పుడు గ్రామర్ పుస్తకాల్లో అందరూ చూసిన పాత ఉదాహరణ తీసుకుందాం. ‘హీ వాజ్ గివెన్ ఎ బుక్.’ అతనికి ఒక పుస్తకం ఇచ్చారు. దీన్ని చూసి చాలామందికి వచ్చే డౌట్ ఏంటంటే, “ఇచ్చింది పుస్తకాన్ని కదా, అతన్ని కాదు కదా? మరి ‘హీ వాజ్ గివెన్’ ఎలా అవుతుంది?” మంచి డౌటే. 19వ శతాబ్దంలో కొందరు ఇంగ్లీష్ గ్రామర్ రచయితలకి కూడా ఈ వాక్యం నచ్చలేదు, తప్పని రాశారు. కానీ వాడుక వాళ్ల మాట వినలేదు. ఈరోజు అది పూర్తిగా కరెక్ట్ ఇంగ్లీష్.

మనకి ఇది ఎందుకు వింతగా అనిపిస్తుందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. తెలుగులో మనం ఏమంటాం? “అతనికి పుస్తకం ఇచ్చారు.” ఎవరు ఇచ్చారో చెప్పాల్సిన పని లేకుండా ‘ఇచ్చారు’తో సరిపెట్టేస్తాం. మనకి పాసివ్‌తో పనే పడదు. సరే, గవర్నమెంట్ నోటీసు భాషలో పాసివ్ చెప్పి చూద్దాం. “అతనికి పుస్తకం ఇవ్వబడింది.” ఇక్కడ కూడా ‘అతనికి’ అలాగే ఉంది. ‘కి’ ఎక్కడికీ పోలేదు. “అతను పుస్తకం ఇవ్వబడ్డాడు” అని ఎవరూ అనరు, వింటే నవ్వొస్తుంది. అంటే తెలుగులో పుచ్చుకునే మనిషి ‘కి’ అనే స్టిక్కర్ పెట్టుకునే ఉంటాడు, సబ్జెక్ట్ కుర్చీలో కూర్చోడు. ఇంగ్లీష్‌లో మాత్రం ఆ మనిషే ముందుకొచ్చి సబ్జెక్ట్ అయిపోతాడు.

నిజానికి వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీష్ ఈ విషయంలో మన తెలుగులాగే ఉండేది. పుచ్చుకునే మనిషికి వేరే విభక్తి రూపం ఉండేది. పాసివ్‌లో కూడా అది అలాగే ఉండేది, అంటే ‘హిమ్ వాజ్ గివెన్’ లాంటి నిర్మాణం అన్నమాట. తర్వాతి శతాబ్దాల్లో ఆ విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాయి. మాట చివర గుర్తు లేకపోయేసరికి, మాట ఏ స్థానంలో ఉందో దాన్నిబట్టే అర్థం తెలుసుకోవాల్సి వచ్చింది. క్రియకి ముందున్నవాడే సబ్జెక్ట్ అన్నట్టుగా అయిపోయింది. అలా ‘హిమ్’ స్థానంలో ‘హీ’ వచ్చి కూర్చుంది. కాబట్టి మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. తెలుగులో ‘కి’ చూసి అర్థం చేసుకుంటాం, ఇంగ్లీష్‌లో సీటు చూసి అర్థం చేసుకోవాలి.

సీటు అన్నాను కాబట్టి ఇక ఆ మాటే వాడతాను. ‘దే గేవ్ హిమ్ ఎ బుక్’ అనే వాక్యం చూడండి. ‘గేవ్’ తర్వాత రెండు సీట్లున్నాయి. మొదటి సీట్లో మనిషి, ‘హిమ్’. రెండో సీట్లో వస్తువు, ‘ఎ బుక్’. ఇక్కడ ముఖ్యమైన విషయం, రెండింటికీ ముందు ఏ ప్రిపొజిషనూ లేదు. ‘టు’ లేదు, ‘ఫర్’ లేదు, ‘ఆఫ్’ లేదు. ఇద్దరూ ఏ సపోర్టూ లేకుండా కూర్చున్నారు. కోడింగ్ తెలిసినవాళ్లకి చెప్పాలంటే రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షన్ లాంటిది. ముందు ఎవరికి, తర్వాత ఏమిటి.

ఇప్పుడు దీన్ని పాసివ్ చేయాలంటే ఇద్దరిలో ఎవరినైనా ముందుకి తేవచ్చు.

```
He was given a book.
A book was given to him.
```

రెండూ కరెక్టే. మనిషిని ముందుకి తెస్తే పుస్తకం తన సీట్లోనే ఉండిపోతుంది, దాని ముందు ఏమీ పెట్టక్కర్లేదు. పుస్తకాన్ని ముందుకి తెస్తే, వెనక మిగిలిన మనిషికి మామూలుగా ‘టు’ పెడతాం. “పాసివ్‌లో ఆబ్జెక్ట్ ఉండదు” అని స్కూల్లో నేర్చుకున్న సూత్రం ఒకటి ఉంటుంది కదా, అది ఒకే ఆబ్జెక్ట్ ఉన్న క్రియలకి సరిపోతుంది. ఇక్కడ రెండున్నాయి. ఒకటి ముందుకి వెళ్తే ఇంకొకటి మిగులుతుంది. అందుకే ‘వాజ్ గివెన్’ తర్వాత ‘ఎ బుక్’ కనిపించినా కంగారుపడొద్దు.

కానీ ఆ మిగిలిన పుస్తకం ముందు పొరపాటున ‘టు’ పెట్టారనుకోండి, ‘హీ వాజ్ గివెన్ టు ఎ బుక్’ అవుతుంది. అప్పుడు ఆ మనిషినే తీసుకెళ్లి పుస్తకానికి అప్పజెప్పినట్టు! ‘టు’ ఎప్పుడూ పుచ్చుకునేవాళ్ల ముందే ఉంటుంది, వస్తువు ముందు కాదు.

ఇంతవరకు ఈజీ. అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. తెలుగులో ఈ నాలుగు మాటలు వినండి. నాకు ఇచ్చారు. నాకు చెప్పారు. నాకు వివరించారు. నాకు తెలియజేశారు. నాలుగింటికీ ‘నాకు’ ఒకటే. అందుకని మన బుర్ర నాలుగింటికీ ఇంగ్లీష్‌లో ఒకే అచ్చు వాడేస్తుంది. ఐ వాజ్ గివెన్ ద డేట్. ఐ వాజ్ టోల్డ్ ద డేట్. ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద డేట్. ఐ వాజ్ ఇన్ఫార్మ్‌డ్ ద డేట్. వీటిలో మొదటి రెండు కరెక్ట్. చివరి రెండు స్టాండర్డ్ ఇంగ్లీష్‌లో తప్పు. ఆఫీసు మెయిల్స్‌లో ‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాసెస్’ అనేది ఎంత మామూలుగా కనిపిస్తుందంటే, చదివీ చదివీ అదే కరెక్ట్ అనిపించేస్తుంది.

మరి దీన్ని ఎలా పట్టుకోవాలి? నేను వాడే పద్ధతి, రాసిన పాసివ్ వాక్యాన్ని వెనక్కి తిప్పి చూడటం. సాఫ్ట్‌వేర్‌లో ఒక డేటాని ఒక ఫార్మాట్‌లోకి మార్చి, మళ్లీ వెనక్కి మార్చినప్పుడు మొదటిదే వస్తుందా అని టెస్ట్ చేస్తాం. ఇదీ అలాంటిదే. ముందు ‘దే’ పెట్టి యాక్టివ్‌లోకి తేండి. తర్వాత క్రియ వెనక ఉన్న రెండు సీట్లనీ ఒక్కొక్కటిగా చూడండి.

‘హీ వాజ్ గివెన్ ఎ బుక్’ని తిప్పితే ‘దే గేవ్ హిమ్ ఎ బుక్’. మొదటి సీట్లో మనిషి సపోర్ట్ లేకుండా కూర్చోగలిగాడా? కూర్చున్నాడు. రెండో సీట్లో వస్తువు? అదీ కూర్చుంది. పాస్.

‘ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్స్’ని తిప్పితే ‘దే ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ద రూల్స్’ అవ్వాలి. కానీ ‘ఎక్స్‌ప్లెయిన్’ తర్వాత మనిషి నేరుగా కూర్చోలేడు, ‘టు’ కావాలి. ‘దే ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్స్ టు మీ.’ అంటే మొదటి సీటు ఫెయిల్. ‘టు’ పట్టుకుని వచ్చిన మనిషిని సబ్జెక్ట్‌గా ముందుకి లాగలేం. ఇక ముందుకి రాగలిగేది రూల్స్ మాత్రమే. ‘ద రూల్స్ వర్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ.’ ఇదే కరెక్ట్ పాసివ్. సజెస్ట్, డిస్క్రైబ్, అనౌన్స్, రిపోర్ట్, సే, ఇవన్నీ ఇదే బ్యాచ్. ‘ఐ వాజ్ సజెస్టెడ్ ఎ కోర్స్’ కాదు, ‘ఎ కోర్స్ వాజ్ సజెస్టెడ్ టు మీ.’ ‘ఐ వాజ్ సెడ్ దట్’ కాదు. అక్కడైతే క్రియనే మార్చేయడం మంచిది, ‘ఐ వాజ్ టోల్డ్ దట్.’

ఇప్పుడు ‘ఐ వాజ్ ఇన్ఫార్మ్‌డ్ ద డేట్’. తిప్పితే ‘దే ఇన్ఫార్మ్‌డ్ మీ ద డేట్’. ఇక్కడ కేసు వేరు. ‘ఇన్ఫార్మ్ మీ’ అనొచ్చు, అంటే మొదటి సీటు పాస్. కానీ రెండో సీట్లో ‘ద డేట్’ ఊరికే కూర్చోలేదు, దానికి ‘ఆఫ్’ లేదా ‘అబౌట్’ కావాలి. కాబట్టి మనిషి ముందుకి రావచ్చు, కానీ వస్తువు తన ప్రిపొజిషన్‌ని వెంటబెట్టుకునే ఉండాలి. ‘ఐ వాజ్ ఇన్ఫార్మ్‌డ్ ఆఫ్ ద డేట్.’ లేదంటే ‘దట్’ పెట్టి పూర్తి వాక్యం రాయొచ్చు, ‘ఐ వాజ్ ఇన్ఫార్మ్‌డ్ దట్ ద డేట్ హాడ్ చేంజ్డ్.’ ‘రిమైండ్’ కూడా ఇలాంటిదే. ‘ఐ వాజ్ రిమైండెడ్ ఆఫ్ ద డేట్’ అంటాం.

అంటే మూడు ఫలితాలే. రెండు సీట్లూ పాస్ అయితే మనిషి ముందుకొస్తాడు, వస్తువు ఊరికే వెనక ఉంటుంది. మొదటి సీటు ఫెయిల్ అయితే వస్తువు ముందుకొస్తుంది, మనిషికి ‘టు’. రెండో సీటు ఫెయిల్ అయితే మనిషి ముందుకొస్తాడు, వస్తువుకి ‘ఆఫ్’ లాంటిది.

ఇక్కడ మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి. “అన్నా, ‘దే ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ద రూల్స్’ కూడా నా చెవికి బాగానే వినిపిస్తోంది. మరి అది ఫెయిల్ అని నాకెలా తెలుస్తుంది?” కరెక్ట్. ఈ పద్ధతికి ఉన్న లిమిట్ అదే. వెనక్కి తిప్పడం వల్ల ఏం చెక్ చేయాలో తెలుస్తుంది, జవాబు మాత్రం క్రియని బట్టి ఉంటుంది. ఆ జవాబు మీ ఫోన్‌లోనే ఉంది, కాకపోతే చూడాల్సింది లెర్నర్స్ డిక్షనరీ. తెలుగు అర్థం ఇచ్చే యాప్‌లో ‘వివరించు’ అని వస్తుంది తప్ప సీట్ల సంగతి ఉండదు. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ లాంటి లెర్నర్స్ డిక్షనరీల్లో క్రియ కింద దాని ప్యాటర్న్ కూడా ఉంటుంది. ఇలా ఉంటుంది.

```
give somebody something
explain something to somebody
inform somebody of something
```

‘సంబడీ’ అంటే మనిషి సీటు, ‘సంథింగ్’ అంటే వస్తువు సీటు. మధ్యలో ఏ చిన్న మాటా లేకుండా రెండూ పక్కపక్కనే ఉంటే రెండు సీట్లూ పాస్ అన్నట్టు. ఒక్క చూపు చాలు. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లకి ఈ సమాచారం అవసరం లేదు. మనలాంటివాళ్లకే అవసరం. జపాన్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా పనిచేసిన ఎ. ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి ఇలా ప్యాటర్న్‌లతో తయారు చేసిన డిక్షనరీ 1942లో అక్కడే అచ్చయింది. తర్వాత 1948లో దాన్ని ఆక్స్‌ఫర్డ్ వేసింది. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీగా మనం చూసేది దాని వారసురాలే.

డిక్షనరీ తీసే టైమ్ లేకపోతే ఒక చిన్న గుర్తు ఉంది. రోజువారీ చిన్న క్రియలు, గివ్, టెల్, సెండ్, షో, టీచ్, పే, లెండ్ లాంటివి, ఎక్కువగా రెండు సీట్లూ పాస్ అవుతాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్ లాంటి లాటిన్ మూలం మాటలు ఎక్కువగా మొదటి సీట్లో ఫెయిల్ అవుతాయి. కానీ ఇది ఊహకి పనికొచ్చే గుర్తు మాత్రమే. ప్రామిస్, ఆఫర్, గ్రాంట్ పెద్ద మాటల్లా కనిపించినా హాయిగా పాస్ అయిపోతాయి.

ఇప్పుడు ఒక నిజమైన మెయిల్ తీసుకుందాం. మా కజిన్ ఒక కోచింగ్ సెంటర్‌లో చేరి, తర్వాత మానేశాడు. ఫీజు వెనక్కి అడుగుతూ మెయిల్ డ్రాఫ్ట్ చేసి, పంపే ముందు నాకు చూపించాడు. అందులో అసలు విషయం ఉన్న ఐదు లైన్లు ఇవి.

```
I promised a refund within 7 days.
I was not informed the refund date.
I was explained that the fee is for books.
But I did not give any books.
I charged Rs. 1,180 twice.
```

ఒక్కొక్కటీ చూద్దాం. మొదటి లైన్. వాడు చెప్పాలనుకున్నది “7 రోజుల్లో రీఫండ్ ఇస్తామని నాకు మాటిచ్చారు.” స్క్రీన్ మీద ఉన్నది “నేను మాటిచ్చాను.” ఇక్కడ గ్రామర్ తప్పు లేదు, వాక్యం చక్కగా ఉంది. అర్థం మాత్రం తలకిందులైంది. స్పెల్ చెకర్ ఎర్ర గీత కూడా పెట్టదు. అందుకే నేను ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్న “ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు?” పుచ్చుకున్నవాడు ముందుంటే ‘వాజ్’ ఉండి తీరాలి. ‘దే ప్రామిస్డ్ మీ ఎ రీఫండ్’, రెండు సీట్లూ పాస్. కాబట్టి ‘ఐ వాజ్ ప్రామిస్డ్ ఎ రీఫండ్.’

రెండో లైన్ మనం ఇందాక చూసిందే. ‘ఇన్ఫార్మ్’కి రెండో సీటు ఫెయిల్. ‘ఐ వాజ్ నాట్ ఇన్ఫార్మ్‌డ్ ఆఫ్ ద రీఫండ్ డేట్’ అనొచ్చు. ఇంకా తేలిక కావాలంటే ‘టోల్డ్’ పెడితే సరి, ‘ఐ వాజ్ నాట్ టోల్డ్ ద రీఫండ్ డేట్.’

మూడో లైన్‌లో ‘ఎక్స్‌ప్లెయిన్’, వెనకాల ‘దట్’. ఇక్కడ వస్తువు స్థానంలో ఒక వాక్యమే ఉంది, “ఆ ఫీజు పుస్తకాలకి” అని. అంత పొడుగు వాక్యాన్ని సబ్జెక్ట్‌గా ముందు పెడితే బాగోదు. అందుకని ముందు ‘ఇట్’ పెడతాం. ‘ఇట్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ దట్...’ ఇదీ బరువుగా అనిపిస్తే ‘ఐ వాజ్ టోల్డ్ దట్’ అంటే అయిపోతుంది. వాడు అదే ఎంచుకున్నాడు.

నాలుగో లైన్ మళ్లీ మొదటి లైన్ సమస్యే. ‘ఐ డిడ్ నాట్ గివ్ ఎనీ బుక్స్’ అంటే “నేను పుస్తకాలేమీ ఇవ్వలేదు.” వాడిని పుస్తకాలు ఎవరు అడిగారు? వాడికి ఇవ్వలేదన్నది పాయింట్. ‘ఐ వాజ్ నాట్ గివెన్ ఎనీ బుక్స్.’

ఐదో లైన్ అన్నిటికన్నా ప్రమాదం. ‘ఛార్జ్’ అంటే డబ్బు వసూలు చేయడం. ‘ఐ ఛార్జ్‌డ్’ అంటే వసూలు చేసింది వాడే. ‘దే ఛార్జ్‌డ్ మీ 1,180 రుపీస్’, రెండు సీట్లూ పాస్, కాబట్టి ‘ఐ వాజ్ ఛార్జ్‌డ్’. చివరికి మెయిల్ ఇలా తయారైంది.

```
I was promised a refund within 7 days.
I was not told the refund date.
I was told that the fee was for books.
But I was not given any books.
I was charged Rs. 1,180 twice.
```

గమనించారా, ఐదు లైన్లలోనూ ‘ఐ’యే సబ్జెక్ట్. కంప్లయింట్‌లో ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ కథంతా నాకు ఏం జరిగిందన్నదే. మనిషిని ముందు పెట్టాలా, వస్తువుని ముందు పెట్టాలా అనే ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. దేని గురించి ఆల్రెడీ మాట్లాడుతున్నామో అది ముందు, కొత్త సంగతి చివర. అతని గురించి మాట్లాడుతుంటే ‘హీ వాజ్ గివెన్ ఎ బుక్’. ఆ పుస్తకం ఏమైందని ఎవరైనా అడిగితే ‘ద బుక్ వాజ్ గివెన్ టు ఎ జూనియర్’. రెండూ కరెక్ట్ కాబట్టి ఏదో ఒకటి అని కాకుండా, అడిగిన ప్రశ్నని బట్టి ఎంచుకోవాలి.

క్రియ సంగతి తేలాక ఇక రూపం చెక్ చేయాలి. ఇక్కడ ఎక్కువ జారిపోయేది ‘హావ్’తో. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఐటీ టీమ్‌కి ‘ఐ హావ్ గివెన్ ఎ లాప్‌టాప్’ అని రాస్తే, “నేను లాప్‌టాప్ ఇచ్చేశాను” అని అర్థం. నాకు ఇచ్చారు అనాలంటే ‘ఐ హావ్ బీన్ గివెన్ ఎ లాప్‌టాప్’. ఆ ‘బీన్’ లేకపోతే మీ దగ్గరున్న లాప్‌టాప్ కాగితం మీద తిరిగి ఇచ్చేసినట్టే. అలాగని ‘బీన్’ని ‘వాజ్’ పక్కన పెట్టకూడదు, ‘ఐ వాజ్ బీన్ గివెన్’ అనే రూపమే లేదు. ‘వాజ్ గివెన్’ లేదా ‘హావ్ బీన్ గివెన్’, ఇంతే. ‘వాజ్ గేవ్’ కూడా లేదు, పాసివ్‌లో ఎప్పుడూ మూడో రూపమే. ఇక ‘వాజ్’, ‘వర్’ అనేది ముందుకొచ్చినవాళ్లని బట్టి మారుతుంది. ‘ద స్టూడెంట్స్ వర్ గివెన్ ఎ బుక్’, కానీ ‘ఎ బుక్ వాజ్ గివెన్ టు ద స్టూడెంట్స్’. వెనక మిగిలినదాన్ని చూసి ‘వాజ్’, ‘వర్’ పెట్టకండి.

రెండు సీట్లూ పాస్ అయినా ఇబ్బంది పెట్టే క్రియలు కొన్ని ఉన్నాయి, వాటితో ముగిస్తాను. మొదటిది ‘ఆస్క్’. ‘దే ఆస్క్‌డ్ మీ త్రీ క్వశ్చన్స్’ బాగుంది. ‘ఐ వాజ్ ఆస్క్‌డ్ త్రీ క్వశ్చన్స్’ కూడా బాగుంది. కానీ ప్రశ్నల్ని ముందుకి తెచ్చి ‘త్రీ క్వశ్చన్స్ వర్ ఆస్క్‌డ్ టు మీ’ అంటే స్టాండర్డ్ ఇంగ్లీష్‌లో కుదరదు. ఎందుకంటే ప్రశ్నలో మనిషి పుచ్చుకునేవాడు కాదు, జవాబు ఇచ్చేవాడు. అందుకే అక్కడ ‘టు’ బదులు ‘ఆఫ్’ వస్తుంది, అదీ కాస్త ఫార్మల్‌గా ఉంటుంది. ఇంటర్వ్యూ గురించి చెప్పేటప్పుడు ‘ఐ వాజ్ ఆస్క్‌డ్’తో మొదలుపెట్టడమే సుఖం.

రెండోది ‘కాస్ట్’. ‘ద ఫోన్ కాస్ట్ మీ 15,000 రుపీస్’ అంటే రెండు సీట్లూ నిండాయి. కానీ ‘ఐ వాజ్ కాస్ట్ 15,000’ అనలేం. ధర పలకడం ఎవరో ఎవరికో చేసే పని కాదు, అందుకే ఈ అర్థంలో ‘కాస్ట్’కి పాసివ్ లేదు. మన టెస్ట్ ఇక్కడ తప్పు జవాబిస్తుంది కాబట్టి దీన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

మూడోది ‘బై’, ‘మేక్’, ‘కుక్’ లాంటివి, అంటే ఒకరి కోసం చేసే పనులు. వీటిలో వస్తువుని ముందుకి తెస్తే వెనక మనిషికి ‘టు’ కాదు, ‘ఫర్’ రావాలి. ‘ఎ ఫోన్ వాజ్ బాట్ ఫర్ హర్.’ మనిషిని ముందు పెట్టి ‘షీ వాజ్ బాట్ ఎ ఫోన్’ అంటే చాలామంది ఒప్పుకుంటారు. కానీ ‘హీ వాజ్ కుక్డ్ ఎ మీల్’ లాంటిది చాలామంది చెవికి ఇబ్బందిగా ఉంటుంది. ఈ గుంపులో డౌట్ వస్తే ‘ఫర్’ ఉన్న రూపమే రాయండి, దాన్ని ఎవరూ తప్పనరు.

చివరగా మీకో పని. ఈ మూడు వాక్యాల్ని ‘దే’తో వెనక్కి తిప్పి, సీట్లు చూసి, ఏది ఉంచాలో ఏది మార్చాలో మీరే తేల్చండి. ఫోన్ పక్కన పెట్టి కాదు, డిక్షనరీ తెరిచి చేయండి.

```
I was described the problem.
I was shown the bill.
I am owed Rs. 5,000.
```

జవాబులు చెప్పేస్తాను. మొదటిది మార్చాలి. ‘డిస్క్రైబ్’ మొదటి సీట్లో ఫెయిల్, కాబట్టి ‘ద ప్రాబ్లమ్ వాజ్ డిస్క్రైబ్డ్ టు మీ.’ రెండోది కరెక్ట్, ‘దే షోడ్ మీ ద బిల్.’ మూడోది చూడటానికి వింతగా ఉన్నా కరెక్టే. ‘దే ఓ మీ 5,000 రుపీస్’, రెండు సీట్లూ పాస్. “నాకు 5,000 రావాలి” అని దాని అర్థం. అదే ‘ఐ ఓ 5,000’ అని రాశారనుకోండి, ఆ 5,000 మీరే కట్టాలి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఉంటాను మరి.